విశాఖ ఎండాకాలంలో పెసల మొలకలు

అందరికీ నమస్కారం.

మా వదినది అనంతపురం. మొలకలు కట్టడంలో ఆమెది తిరుగులేని చెయ్యి. రాత్రి పెసలు నానబోస్తుంది, పొద్దున్న తడి గుడ్డలో మూట కట్టి వంటింటి మేకుకు వేలాడదీస్తుంది, పూటకోసారి మూట మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లుతుంది. మర్నాటికి తెల్లగా, పొడిపొడిగా మొలకలు వచ్చేస్తాయి. ఒక మే నెలలో ఆమె ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చినప్పుడు అరకిలో పెసలతో సరిగ్గా అదే పని చేసింది. మర్నాడు మూట విప్పితే మొలకలైతే వచ్చాయి, కానీ గింజలన్నీ బంకబంకగా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. పులిసిన గంజి వాసన. పెసలు మంచివి కావేమో అనుకుని ఇంకో కొట్టునుంచి తెచ్చాం. మళ్ళీ అదే జరిగింది.

మూడోసారి మూట కట్టినప్పుడు నేను వంటింటి థర్మామీటరు తెచ్చి మూట మధ్యలోకి గుచ్చాను. గదిలో 33 డిగ్రీలు ఉంటే మూట నడుమ 37 చూపించింది. అసలు సంగతి అక్కడ బయటపడింది.

గింజ మొలకెత్తేటప్పుడు గట్టిగా ఊపిరి తీస్తుంది. లోపల దాచుకున్న పిండిని చక్కెరగా మార్చుకుని ఖర్చు పెడుతుంది, ఆ ఖర్చులో వేడి పుడుతుంది. నాలుగు గింజల వేడి మనకు తెలియదు. అరకిలో గింజల్ని బిగించి మూట కడితే ఆ వేడికి బయటికి దారి ఉండదు. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి గుడ్డ ఆరుతూ ఆ వేడిని లాగేస్తుంది. మన దగ్గర సముద్రపు గాలి. పొద్దున్న ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది కదా, మూట గుడ్డా అంతే. అది ఆరదు కాబట్టి చల్లబరచదు. పైగా మొలకెత్తే గింజలోంచి కొంచెం చక్కెర బయటికి ఊరుతుంది. వేడి, తడి, తీపి మూడూ ఒకచోట చేరితే సూక్ష్మజీవులు ఊరుకోవు. ఆ బంక వాటి పనే.

అందుకే మన ఊళ్ళో మొలకల్ని కడగడం అంటే వాటికి నీళ్ళు తాగించడం అనుకోవద్దు. గింజ తనకు కావలసిన నీళ్ళు దాదాపుగా నానేటప్పుడే తాగేసింది. తర్వాత మనం కడిగేది వేడిని దించడానికి, ఊరిన తీపిని, జిగురును పోగొట్టడానికి, గింజల మధ్యకి కొత్త గాలి పంపడానికి. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఎప్పుడు కడగాలి, ఎలా కడగాలి అన్నవి వాటంతటవే తేలిపోతాయి.

మొన్న శనివారం రాత్రి నేను వేసిన 100 గ్రాముల పెసల సంగతి చెబుతాను. ఇవి సీతమ్మధార రైతుబజారులో కొన్న మామూలు పొట్టు పెసలు. వంటకని అమ్మేవే తీసుకోండి. పొలంలో చల్లడానికి అమ్మే విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది, అవి కడిగినా తినడానికి పనికిరావు. పెసరపప్పు మొలవదు. బద్దలు చేసినప్పుడే అందులోని మొలక దెబ్బతింటుంది.

రాత్రి పది గంటలకు విరిగినవీ పుచ్చులూ ఏరి, మూడుసార్లు కడిగి, నాలుగింతలు తాగే నీళ్ళు పోసి నానబెట్టాను. ఈ వేడికి ఏడు గంటలు చాలు. పన్నెండు గంటలు వదిలేస్తే నీళ్ళ మీద నురగ కడుతుంది, అంటే మొలక రాకముందే పులవడం మొదలైందన్నమాట. పొద్దున్న అయిదింటికి నీళ్ళు వంపేసి చూస్తే గింజలు ఉబ్బి దాదాపు రెట్టింపు బరువయ్యాయి. ఓ పది పన్నెండు గింజలు మాత్రం ఎలా వేసినవి అలాగే చిన్నగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అవి రాతి పెసలు. వాటి పొట్టు నీటిని లోపలికి రానివ్వదు. ఎంత నానబెట్టినా అంతే, తింటే పళ్ళకు దెబ్బ. నానినవాటి పక్కన ఉన్నప్పుడే తేడా బాగా తెలుస్తుంది కాబట్టి అప్పుడే ఏరేశాను.

మూట కట్టలేదు. వెడల్పాటి చిల్లుల గిన్నెలో రెండు గింజల మందాన పరిచాను. పైన పలచటి తడి గుడ్డ, కింద ఒక ఖాళీ పళ్ళెం. గిన్నె అడుగు ఆ పళ్ళేనికి తగలకుండా రెండు చెంచాలు అడ్డం పెట్టాను. కారిన నీళ్ళలో అడుగు గింజలు కూర్చుంటే వాటికి ఊపిరి ఆడదు. కుళ్ళు అక్కడే మొదలై పైకి పాకుతుంది. మొలకలు కుళ్ళాయని చెప్పేవాళ్ళ గిన్నెలు నేను చాలా చూశాను. ఎక్కువసార్లు తప్పు కడగకపోవడంలో లేదు, కడిగాక నీళ్ళు పూర్తిగా కారనివ్వకపోవడంలో ఉంది. గిన్నెను ఒక పక్కకు వంచి రెండు నిమిషాలు పట్టుకోండి. చుక్క పడటం ఆగాకే కింద పెట్టండి.

ఆ తర్వాత పదకొండింటికి, సాయంత్రం అయిదింటికి, రాత్రి పదింటికి కడిగాను. ప్రతిసారీ చిల్లుల గిన్నెను నీళ్ళ పాత్రలో గింజలు మునిగేలా దించి, చేత్తో నలపకుండా మెల్లగా తిప్పి పైకి తీయడం, పాత్రలో నీళ్ళు మార్చడం, నీళ్ళు తేటగా వచ్చేవరకు రెండు మూడుసార్లు. మర్నాడు పొద్దున్న అయిదున్నరకు మొలకలు సెంటీమీటరు పైన ఉన్నాయి. నానబెట్టిన నీళ్ళు వంపిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఒక రోజు.

మధ్యాహ్నం కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. మే నెలలో పదకొండు దాటాక డాబా మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. చల్లబరచాలని ఆ నీళ్ళే పోస్తే మొలకను ఉడకబెట్టినట్టే. పొద్దున్నే ఒక బిందెడు నీళ్ళు పట్టి నీడన పెట్టుకోండి, లేదా కుండలో నీళ్ళు వాడండి. ఐస్ నీళ్ళు అక్కర్లేదు. పెసలకు 25 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, ఆ దగ్గర్లోకి దించితే చాలు. గిన్నెను కూడా పొయ్యికీ ఫ్రిజ్ వెనక వేడిగాలికీ దూరంగా, ఇంట్లో గచ్చు చల్లగా ఉండేచోట పెట్టండి.

ఇందాక ఒక అమ్మాయి అడిగింది, పగలంతా ఆఫీసులో ఉంటాం, పదకొండింటికి ఎవరు కడుగుతారు అని. అలాంటివాళ్ళు పొద్దున్న వెళ్ళేటప్పుడు పెసల్ని ఫ్రిజ్‌లోనే నానబెట్టండి. చలవలో మెల్లగా నానుతాయి కాబట్టి పది గంటలైనా పులవవు. సాయంత్రం ఆరింటికి వంపి పరిచి, పడుకునే ముందు ఒకసారి, తెల్లవారి ఒకసారి కడగండి. ఆఫీసుకు బయల్దేరే వేళకు ముక్కు పొడిచి అర సెంటీమీటరు లోపు మొలక ఉంటుంది. అది తినడానికి చక్కగా సరిపోతుంది. పొడుగ్గా రావాలని మరో పగలు అలా వదిలేసి వెళ్ళకండి.

డిసెంబరు, జనవరిలో ఈ కంగారేమీ ఉండదు. తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగిన రోజుల్లో పది గంటలు నానబెట్టి, రోజుకు మూడుసార్లు కడిగితే చాలు. ఒకటిన్నర రోజు పడుతుంది. ఆ కాలంలో మా వదిన మూట కూడా ఇక్కడ బాగానే వస్తుంది, గింజలు తక్కువ వేస్తే.

ఇప్పుడు ఈ రెండు గిన్నెలూ దగ్గరికొచ్చి చూడండి. మొదటిది తయారైనది. మొలక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర దాకా ఉంది, తెల్లగా, బిగువుగా ఉంది. ఒకటి విరవండి, టక్కున విరుగుతుంది. ఆకుపచ్చ పొట్టు చీలింది కానీ ఊడిపోలేదు. వాసన చూడండి, పచ్చి చిక్కుడుకాయ తుంచినప్పటి వాసన వస్తుంది. ఇంకా పెంచితే ఆకులు విచ్చుకుంటాయి, వేరు పీచు కడుతుంది, వెలుతురు తగిలితే కాస్త చేదెక్కుతుంది. పచ్చడిలో కలుపుకునే మొలకకు ఈ దశే సరైనదని నా అభిప్రాయం.

రెండో గిన్నెలోవి నేను కావాలనే రెండుపూటలు కడగకుండా ఉంచాను. మొలక దీనికీ అంతే పొడుగుంది. పొడుగు చూసి మోసపోకూడదని చెప్పడానికే తెచ్చాను. రెండు గింజలు వేళ్ళ మధ్య పట్టి విడదీయండి, సన్నటి తీగ సాగుతుంది. మొలక కొసలు గోధుమరంగుకు తిరిగాయి. పుల్లటి వాసన కొడుతోంది. ఇలాంటివి కడిగితే బంక పోతుంది, వాసన కూడా తగ్గుతుంది, కానీ పాడైన గింజ బాగుపడదు. ఉడకబెట్టి వాడదామనీ అనుకోవద్దు. పారేయాల్సిందే.

ఒక్కదానికి మాత్రం చాలామంది అనవసరంగా భయపడి మంచి మొలకలు పారబోస్తారు. కడగడం ఆలస్యమైతే వేరు కొస దగ్గర తెల్లటి నూగు కనిపిస్తుంది. బూజేమో అనిపిస్తుంది, కానీ అవి వేరుకు సహజంగా వచ్చే సన్నటి వెంట్రుకలు. నీళ్ళలో ముంచితే వేరుకు అంటుకుపోయి కనబడకుండా పోతాయి. బూజు అలా పోదు. అది సాలెగూడులా ఒక గింజనుంచి ఇంకో గింజకు అల్లుకుంటుంది, బూడిదరంగో నలుపో తిరుగుతుంది, ముక్కిన వాసన వస్తుంది. అది కనబడితే గిన్నె మొత్తం తీసేయండి.

పచ్చిగా తినే విషయంలో నేను గట్టిగానే చెబుతాను. గింజ మీద ముందే రోగకారక బాక్టీరియా ఉంటే, మనం మొలక కోసం ఇచ్చే వెచ్చదనం, తడి దానికీ కలిసొస్తాయి. అది ఉన్నా రంగు మారదు, వాసన రాదు. 2011లో జర్మనీలో మెంతి మొలకల వల్ల ఈ. కోలై వ్యాపించి యాభైమందికి పైగా చనిపోయారు. కడగడం వల్ల ఈ ముప్పు తగ్గుతుందేమో గానీ పోదు. అందుకే గర్భిణులకు, చిన్నపిల్లలకు, వయసు మళ్ళినవాళ్ళకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళకు పచ్చి మొలకలు పెట్టకండి. ఇడ్లీ పాత్రలో ఆవిరి బాగా పట్టాక అయిదారు నిమిషాలు ఉంచితే లోపలిదాకా ఉడుకుతాయి. కొంత సి విటమిన్ పోతుంది, పోనివ్వండి.

మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టేముందు గుడ్డ మీద పరిచి పైతడి ఆరనివ్వండి. తడితో డబ్బాలో మూసేస్తే అక్కడా బంక కడతాయి. ఆరినవి మూడు రోజులు బాగుంటాయి.

అటు బల్ల మీద ఉన్నవి శనివారం నానబోసిన పెసలే. పొద్దున్న ఆవిరి మీద ఉడికించి, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం కలిపి తెచ్చాను. తలా ఒక కప్పు తీసుకుని, వెళ్ళేలోగా ఈ రెండో గిన్నె వాసన కూడా ఒకసారి చూసి వెళ్ళండి.