మంగళవారం ఏడింటికి అంటే ఎవరి మంగళవారం?

నమస్కారం. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకి "మంగళవారం ఉదయం ఏడింటికి కలుద్దాం" అని మెసేజ్ పెట్టేసి ఊరుకుంటాం కదా, ఆ మెసేజ్ గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

విజయవాడలో నాకు తెలిసిన సంగీతం టీచర్‌గారు ఒకావిడ ఉన్నారు. డాలస్‌లో ఉండే ఒక పాపకి ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతారు. మొదటి వారం ఆవిడ పెట్టిన మెసేజ్ "మంగళవారం ఉదయం 7కి క్లాసు" అని, అంతే. పాప వాళ్లమ్మగారు అది తమ మంగళవారం అనుకున్నారు. నిజానికి ఇక్కడ మంగళవారం పొద్దున్న ఏడయ్యేసరికి అక్కడ ఇంకా సోమవారం రాత్రి ఎనిమిదిన్నరే. ఫోన్లు చేసుకుని సర్దుకున్నారు, సోమవారం రాత్రి ఎనిమిదిన్నర అని అక్కడ ఫ్రిజ్ మీద రాసి అంటించుకున్నారు, క్లాసులు చక్కగా నడిచాయి.

నడిచాయి, నవంబరు దాకా. 2025 నవంబరు 2, ఆదివారం, అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అక్కడ ఏటా నవంబరు మొదటి ఆదివారం ఇదే పని, మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పుతారు. మన గడియారం మాత్రం ఏడాది పొడుగునా కదలదు. మర్నాడు సోమవారం రాత్రి పాప అలవాటుగా ఎనిమిదిన్నరకి కూర్చుంది, మనకప్పుడు మంగళవారం ఎనిమిది. టీచర్‌గారేమో ఏడింటి నుంచే శ్రుతి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎనిమిదింటికి ఆవిడకి ఇంకో పిల్ల క్లాసుంది. తప్పెవరిది చెప్పండి? ఇద్దరూ చెప్పిన టైముకే వచ్చారు మరి!

ఆవిడ ఇప్పుడు రాసే పద్ధతిలో ఆ రోజు మెసేజ్ పెట్టి ఉంటే ఎలా ఉండేదో చదువుతాను, వినండి. "క్లాసు: నవంబరు 4, 2025, మంగళవారం ఉదయం 7:00, భారత కాలమానం. డాలస్‌లో: నవంబరు 3, సోమవారం రాత్రి 7:30, సెంట్రల్ స్టాండర్డ్ టైమ్." రెండే ముక్కలు. రెండు చోట్లా తేదీ ఉంది, వారం ఉంది, గడియారం ఉంది, అది ఏ కాలమానమో కూడా ఉంది.

రెండు గడియారాలూ రాయడంలో అసలు లాభం, ఒకదాన్ని ఇంకోటి పట్టిస్తుంది. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, ఎండాకాలంలో పదిన్నర. సోమవారం రాత్రి ఏడున్నరకి పదకొండున్నర కలపండి, మంగళవారం ఉదయం ఏడు వస్తుంది, సరిపోయింది. ఆవిడ పొరపాటున పాత ఎనిమిదిన్నరే రాసి ఉంటే, చదివినవాళ్లు లెక్క కుదరట్లేదని వెంటనే అడుగుతారు. ఒక్క గడియారమే రాస్తే అడగడానికి ఏమీ దొరకదు.

తేదీని అంకెల్లో 4/11 అని రాయకండి, అమెరికావాళ్లు దాన్ని ఏప్రిల్ 11 అని చదువుతారు. నెల పేరు రాసేయండి. కాలమానానికి మూడక్షరాలు మాత్రమే పెట్టి వదిలేయకండి కూడా. ఐఎస్‌టీ అంటే మనకి మనదే, కానీ ఇజ్రాయెల్‌వాళ్లూ తమ టైముని అలాగే అంటారు, సీఎస్‌టీ అంటే డాలస్ చలికాలం టైమూ అవుతుంది, చైనా టైమూ అవుతుంది. పైగా జులైలో కూడా అలవాటుకొద్దీ సీఎస్‌టీ అని రాసేవాళ్లున్నారు. అప్పుడు అక్కడ నడిచేది సీడీటీ, అంటే గంట తేడా అన్నమాట. నన్నడిగితే పక్కనే ఊరి పేరు వేసేయడం మేలు.

ఇంకోటి, మన తెలుగువాళ్ల అలవాటు. "శుక్రవారం రాత్రి పన్నెండున్నరకి" అంటాం, తెల్లారితేగానీ మనకి శనివారం రాదు. గడియారం లెక్కలో అది అప్పటికే శనివారం. ఆ టైముకి మాట్లాడాల్సివస్తే శనివారం 12:30 ఏఎం అని తేదీతో రాయండి, పక్కన "శుక్రవారం రాత్రి పడుకునే ముందు" అని చేర్చినా నేనేమీ నవ్వను.

వారంవారం జరిగే వాటికి ఇంకొక్క మాట అదనంగా కావాలి: గడియారాలు మారినప్పుడు ఎవరి టైము కదలకుండా ఉంటుంది? టీచర్‌గారు "నాకు ఎప్పుడూ ఉదయం ఏడే, మీకే మారుతుంది" అని ముందే రాసేశారు. ఫోన్ క్యాలెండర్‌లో ఇన్విటేషన్ పంపేవాళ్లు ఇది మరీ చూసుకోవాలి. దాన్ని డాలస్ టైముతో పెడితే డాలస్‌లో టైము నిలబడి మనది జరుగుతుంది, ఇండియా టైముతో పెడితే మనది నిలబడి వాళ్లది జరుగుతుంది. ఇక లండన్‌వాళ్లు కూడా ఉన్నారంటే, అక్కడ గడియారం వెనక్కి తిరిగేది అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా కంటే వారం ముందు. ఆ వారానికి మెసేజ్ విడిగా పెట్టాల్సిందే.