నోటి పరీక్షకు ముందే రాసుకోవాల్సిన మాటలు

అందరికీ నమస్కారం.

విశాఖలో జర్మన్ నేర్పే మనకు రాత పరీక్షతో పెద్ద ఇబ్బంది లేదు. చిక్కంతా నోటి పరీక్షతోనే. ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడించి 20కి 14 వేసేస్తాం. 13 ఎందుకు కాదని అడిగితే మన దగ్గర జవాబుండదు. అందుకే మార్కులు పక్కనపెట్టి, 0 నుంచి 4 దాకా 5 బ్యాండ్లు చాలంటాను. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగుల భాషను కొలవడానికి 1950లలోనే 0 నుంచి 5 దాకా స్కేలు పెట్టుకుంది.

ఏ2 ముగించిన బ్యాచ్‌కి 8 నిమిషాల ఇంటర్వ్యూ అనుకుందాం. మొదటి నిమిషం టెన్షన్ తగ్గడానికే: పేరు, ఇక్కడికి ఎలా వచ్చారు, బస్సా ఆటోనా. దీనికి బ్యాండు లేదు. తర్వాత ఆ స్థాయి ప్రశ్నలు. అవి నిలబడితే ఒక మెట్టు పైవి, తడబడేదాకా. చివర మళ్లీ తేలికైనది ఒకటి అడిగి పంపాలి.

ప్రశ్నలు రాసుకోవడం అందరూ చేస్తారు. జవాబు రాకపోతే మనం ఏమనాలో రాసుకోవడం మరిచిపోతాం, అక్కడే పరీక్ష చెడుతుంది. ఒక ప్రశ్న తీసుకుందాం: 'వాస్ హాబెన్ జీ గెస్టర్న్ గెమాఖ్ట్?', నిన్న ఏం చేశారు? అభ్యర్థి మౌనంగా ఉంటే మనసులో 5 లెక్కపెట్టాలి. తర్వాత అవే మాటలు నిదానంగా మళ్లీ చెప్పాలి. అప్పటికీ రాకపోతే, 'నిన్న ఇంట్లో ఉన్నారా, బయటికి వెళ్లారా?' అన్న తేలిక రూపం, అదీ జర్మన్‌లోనే. ఈ మూడూ కాగితం మీద ఉండాలి. తేలిక రూపం వాడితే పక్కన 'తే' అని రాసుకోండి. దానికి వచ్చిన జవాబులో సగం మాటలు మన ప్రశ్నలోవే కాబట్టి, ఆ జవాబుకు 2 దాటకూడదు.

మనలో కొందరికి అభ్యర్థి వాక్యాన్ని తామే పూర్తి చేసే అలవాటుంది. అది దయే, కాదనను. కానీ ఒకరికి అందించి ఇంకొకరికి అందించకపోతే అన్యాయం. 'జేయర్ గూట్' అని మెచ్చుకోవడం కూడా వద్దు. ఒకరికి అని మరొకరికి అనకపోతే ఆ రెండోవాళ్లు అక్కడే బిగుసుకుపోతారు.

ఇక బ్యాండ్లు. 0 అంటే జవాబే లేదు. 1 అంటే విడి మాటలు, బట్టీ పట్టిన ముక్కలు. 2 అంటే చిన్న వాక్యాలు ఉన్నా, వినేవాళ్లు అడిగి అడిగి అర్థం చేసుకోవాలి. 3 అంటే తప్పులున్నా మన సాయం లేకుండా విషయం అందుతుంది. 4 అంటే జరిగింది వరసగా చెబుతూ, తన తప్పు తానే దిద్దుకుంటారు.

పేచీ ఎప్పుడూ 2కీ 3కీ మధ్యే. ఒక జవాబు చూడండి: 'గెస్టర్న్ ఇహ్ హాబె మిట్ ముట్టర్ నాహ్ సింహాచలం గెగాంగెన్.' గెస్టర్న్ తర్వాత క్రియ రావాలి, రాలేదు. 'హాబె' కాదు, 'బిన్' ఉండాలి. ముట్టర్ ముందు 'మైనర్' లేదు. బస్సులో వెళ్లి ఉంటే 'గెఫారెన్' అనాలి, నడిచి వెళ్లారేమో, అది వదిలేద్దాం. ఎర్ర పెన్నుతో చూస్తే 3 తప్పులు. చెవితో వింటే నిన్న అమ్మతో సింహాచలం వెళ్లిందని ఒక్కసారికే తెలిసింది. మిగతా జవాబులూ ఇలాగే ఉంటే ఆమెకు 3.

మరొకరు కుటుంబం గురించి తప్పు లేకుండా గడగడా ఆరు వాక్యాలు అప్పజెప్పారు. 'మీ అన్నయ్య ఆదివారం ఏం చేస్తాడు?' అనగానే ఆగిపోయారు. ఆ ఆరు వాక్యాలకూ 1 కంటే ఎక్కువ లేదు. అందుకే బట్టీకి వీలున్న ప్రతి విషయం కిందా, ముందుగా ఊహించలేని ఒక కొసరు ప్రశ్న రాసి పెట్టుకోండి.

అడిగేవాళ్లు ఒకరు, వెనక కూర్చుని మాట్లాడకుండా వినేవాళ్లు ఇంకొకరు ఉండాలి. ఇద్దరూ విడివిడిగా బ్యాండు వేయాలి. 2 బ్యాండ్ల తేడా వస్తే రికార్డింగును మూడోవారు వినాలి. తరచూ ఒకే గీత దగ్గర ఒక బ్యాండు తేడా వస్తోందంటే ముందు అక్కడి వివరణను తిరగరాసి చూడండి. పాత రికార్డింగుల్లోంచి బ్యాండుకొకటి ఎంచి, పరీక్ష రోజు పొద్దున ఇద్దరూ కలిసి వింటే తేడా చాలావరకు తగ్గుతుంది.

ఈ పరీక్షకు ఒక లోటుంది. ఎప్పుడూ మనమే అడుగుతాం, వాళ్లు చెబుతారు. రేపు జర్మనీలో ఇల్లు అద్దెకు కావాలంటే అడగాల్సింది వాళ్లే. కాబట్టి చివరి తేలిక ప్రశ్నకు ముందు ఒక నిమిషం తీసి, 'ఇప్పుడు మీరు ఇంటి అద్దె గురించి నన్ను రెండు ప్రశ్నలు అడగండి' అనే మాట కూడా కాగితం మీద చేర్చండి. వాటికీ ఇవే బ్యాండ్లు.