ఆకుపచ్చ రింగా, రిక్రూటర్లకు మాత్రమేనా? తిరుపతిలో మా తమ్ముడి ప్రొఫైల్ చూస్తూ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? డల్లాస్ నుంచి సెలవులకి తిరుపతి వచ్చాను. ఈ రోజు కొండ వ్లాగ్ కాదు, ఉద్యోగాల వ్లాగ్. లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నామని తెలిపే "ఓపెన్ టు వర్క్" సెట్టింగ్ గురించి. వెనకాల వినపడే కుక్కర్ విజిల్ మా అమ్మది, కట్ చేయడం నావల్ల కాలేదు.

మా చిన్నాన్న కొడుకు కొర్లగుంటలో ఇంట్లోంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తాడు. నిన్న సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, "అక్కా, లింక్డ్‌ఇన్‌లో ఓపెన్ టు వర్క్ పెడదామనుకుంటాండా. మా కంపెనీవాళ్లకి తెలిస్తే ఎట్లా?" అన్నాడు. భయం న్యాయమైనదే.

ప్రొఫైల్‌లో "Open to" నొక్కి "Finding a new job" ఎంచుకుంటే, ఏ ఉద్యోగం, ఏ ఊరు, ఎప్పుడు చేరగలరు అని అడుగుతుంది. కింద ఇది ఎవరికి కనిపించాలో ఎంచుకోమంటుంది. "All LinkedIn members" అంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ రింగు వస్తుంది. మీరు ఎవరి పోస్టు కింద కామెంట్ పెట్టినా ఆ రింగు మీతోపాటే వస్తుంది. మీ మేనేజర్ చూస్తాడు, మీ పెళ్లి సంబంధం వాళ్లూ చూస్తారు. "Recruiters only" పెడితే రింగు ఉండదు. లింక్డ్‌ఇన్ రిక్రూటర్ అనే డబ్బు కట్టి వాడే టూల్ ఉన్నవాళ్లకే మీరు వెతుకుతున్నట్టు తెలుస్తుంది. మీ ప్రస్తుత కంపెనీ రిక్రూటర్లకు, దాని అనుబంధ సంస్థల వాళ్లకు కనపడకుండా ప్రయత్నిస్తామంటారు. పూర్తి గోప్యతకు గ్యారంటీ లేదని అక్కడే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

మీ కంపెనీ ఏదో వాళ్లకెలా తెలుస్తుంది? మీరు ప్రొఫైల్‌లో పెట్టుకున్న ప్రస్తుత ఉద్యోగాన్ని బట్టే. మావాడిది తెరిచి చూస్తే కంపెనీ లోగో ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ ఉంది. చేత్తో పేరు టైప్ చేసేశాడు, కింద వచ్చే జాబితాలోంచి ఎంచుకోలేదు. అంటే ఆ ఉద్యోగం కంపెనీ పేజీకి ముడిపడలేదు. అట్లాంటప్పుడు ఎవరి దగ్గర దాచాలో లింక్డ్‌ఇన్‌కి ఏం తెలుస్తుంది? ఎడిట్ చేసి జాబితాలోంచి ఎంచుకున్నాక లోగో వచ్చింది.

ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. వాడు థర్డ్ పార్టీ పేరోల్ మీద ఉన్నాడు. జీతం ఇచ్చేది ఒక కంపెనీ, పని చేసేది ఇంకో క్లయింట్‌కి. ప్రొఫైల్‌లో ఉన్నది పేరోల్ కంపెనీ పేరు. కాబట్టి దాచేది ఆ కంపెనీ వాళ్ల దగ్గరే. రోజూ మీటింగుల్లో కూర్చునే క్లయింట్ రిక్రూటర్లకు మాత్రం ఇతను బయటివాడే, వెతికితే కనిపిస్తాడు. ఈ చిల్లు పూడ్చడానికి సెట్టింగ్ ఏదీ లేదు.

"అయితే వద్దా అక్కా?" అన్నాడు. నేనైతే పెట్టమనే చెప్పాను. కాంట్రాక్టు మనిషి ఉద్యోగం వెతుకుతున్నాడంటే క్లయింట్ దగ్గర పెద్ద వింతేం కాదు. పేరోల్ కంపెనీకి తెలిస్తే మాత్రం ముందే ఇంకొకరిని వెతికి పెట్టుకోవచ్చు. పేరోల్ కంపెనీ వైపు చిల్లు లోగోతో ఇప్పుడే పూడ్చాం కదా. అదే వీడు క్లయింట్ దగ్గర పర్మినెంట్ కోసం మాటలు నడుపుతుంటే, ఆ మాట తేలేదాకా ఆగమనేదాన్ని.

మరి ఆ రింగు ఎవరికి? మా డల్లాస్‌లో ఒకమ్మాయికి లేఆఫ్ వచ్చింది. హెచ్‌1బి మీద ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 అంతకుముందే ముగిస్తే అంతకన్నా తక్కువ. ఆమె అదే రోజు రింగు పెట్టింది. దాచడానికి కంపెనీయే లేదు కదా. రిఫరల్ ఇచ్చేది ఎక్కువగా పాత కొలీగ్స్, వాళ్ల దగ్గర ఆ రిక్రూటర్ టూల్ ఉండదు. "రిక్రూటర్లకు మాత్రమే" పెడితే ఆమె వెతుకుతోందని వాళ్లకి తెలిసే దారే లేదు. రింగు ఉంటే ఆబగా ఉన్నట్టు కనిపిస్తుందనే వాళ్లున్నారు. 60 రోజులు లెక్కపెట్టుకునే మనిషికి ఆ మాట చెప్పకండి. కాకపోతే రింగు చూసి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనే మోసగాళ్లూ వస్తారు. డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయండి.

ఇక మావాడికి నోటీసు పీరియడ్ మూడు నెలలు. అందుకని ఎప్పుడు చేరతావనే చోట "వెంటనే" కాకుండా "ఫ్లెక్సిబుల్" పెట్టించాను. లేకపోతే మొదటి ఫోన్‌లోనే మాట తేడా వస్తుంది.

ఇంకొక్కటి, కన్సల్టెన్సీ వాళ్లు మెసేజ్ చేస్తే రెజ్యూమె పంపే ముందు క్లయింట్ పేరు అడగమన్నాను. చాలామంది చెప్పరు, "టాప్ ఎంఎన్‌సీ" అంటారు. అట్లా పంపిన రెజ్యూమె తిరిగి తిరిగి వాడి క్లయింట్ టేబుల్ మీదికే చేరొచ్చు. అక్కడ ఏ సెట్టింగూ కాపాడదు. పేరు చెప్పేదాకా ఫైల్ పంపొద్దు అన్నాను, సరే అన్నాడు. అమ్మ అన్నానికి పిలుస్తోంది, ఉంటానండీ.