ఆయాసంలో ప్రో బీఎన్‌పీ పరీక్ష: అంకె చెప్పేది, చెప్పనిది
(కడపలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు నమస్కారం. ఆయాసంతో ఆస్పత్రికి వెళ్లినప్పుడు రాసే ఒక రక్తపరీక్ష గురించి ఈ రోజు మాట్లాడతాను. దాన్ని ల్యాబులో ప్రో బీఎన్‌పీ అంటారు. పూర్తి పేరు ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ. బీఎన్‌పీ అనే హార్మోను తయారైనప్పుడు దానితో పాటే విడిపోయి రక్తంలో చేరే ముక్క ఇది. ఇందులోని బీ అనే అక్షరం మెదడును సూచిస్తుంది. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు బీఎన్‌పీని మొదట పంది మెదడులో గుర్తించడమే అందుకు కారణం. రక్తంలోకి దీన్ని ఎక్కువగా విడుదల చేసేది మాత్రం గుండె కింది గదుల కండరమే. గదిలో ఒత్తిడి పెరిగి గోడ సాగినప్పుడు కండరం దీన్ని తయారు చేస్తుంది. ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపి, రక్తనాళాలను వదులు చేసి, ఆ భారాన్ని తగ్గించడం బీఎన్‌పీ పని. అందుచేత ఈ పరీక్ష ప్రధానంగా చూపేది గోడ మీద పడిన ఒత్తిడిని. ఆ ఒత్తిడి ఎందుకు పడిందో ఇది చెప్పదు.

అకస్మాత్తుగా ఆయాసం వచ్చినవారిలో మిల్లీలీటరుకు 300 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే, ఆ ఆయాసానికి కారణం గుండె వైఫల్యం అయ్యే అవకాశం చాలా తక్కువ. ఈ పరీక్షకు అసలు బలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. గుండె వైఫల్యాన్ని సూచించే హద్దు వయసును బట్టి మారుతుంది: 50 ఏళ్ల లోపువారికి 450, 50 నుంచి 75 వరకు 900, ఆ పైన 1800. స్థూలకాయుల్లో ఈ అంకె సహజంగానే తక్కువగా ఉంటుంది కాబట్టి, వారిలో తక్కువ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు.

ఒక రోగి సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. వయసు 62, ఎర్రగుంట్ల వైపు మనిషి, నలభై ఏళ్లుగా బీడీలు తాగినవాడు. మూడేళ్లుగా మెల్లగా పెరుగుతూ వచ్చిన ఆయాసం ఆ పది రోజుల్లో ముదిరింది, పాదాలు వాచాయి. పరీక్షలో 1150 వచ్చింది. రిపోర్టులో ఆ అంకె పక్కన బాణం గుర్తు చూసి, ఇంట్లోవాళ్లు "నాయనకు గుండె చెడిపోయిందంట" అని ఏడుస్తూ వచ్చారు. అంతకుముందు చూసినచోట గుండె వైఫల్యమని రాసి, నీరు పోయే మాత్రలు ఇచ్చి పంపారు. 62 ఏళ్లకు 1150 అంటే హద్దు దాటినట్టే కాబట్టి, ఆ అనుమానం కలగడం తప్పేమీ కాదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు.

చూస్తే వేలికి పెట్టిన మీటరులో ఆక్సిజన్ 86 శాతమే ఉంది, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపించాయి, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు గాలితో ఉబ్బినట్టుగా ఉన్నాయే గాని నీరు చేరిన గుర్తులు లేవు. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ 1.1, అంటే మామూలుగానే ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ప్రో బీఎన్‌పీ సరిగా బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, అంకె వేలల్లోకి వెళ్లవచ్చు. ఈయనలో ఆ కారణం లేదు. గుండె లయ తప్పినా అంకె పెరుగుతుంది, కానీ ఈసీజీలో లయ సరిగ్గానే ఉంది. కుడి గుండె మీద భారం పడుతున్న ఛాయలు మాత్రం అందులో కనిపించాయి.

ఎకోలో విషయం తేలింది. ఎడమ గది కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో 60 శాతాన్ని బయటికి నెడుతూ చక్కగా పనిచేస్తోంది. పెద్దదైంది కుడి గది. బీడీ పొగతో పాడైన ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తగ్గినప్పుడు అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయి, వాటిలోకి రక్తాన్ని నెట్టలేక కుడి గది సాగుతుంది, సాగిన ఆ గోడే ప్రో బీఎన్‌పీని విడుదల చేస్తుంది. అంటే అంకె అబద్ధం చెప్పలేదు. అది వచ్చింది గుండె నుంచే, కానీ జబ్బు మొదలైంది ఊపిరితిత్తుల్లో.

ఇదే ఆయాసం మూడేళ్లుగా కాక ఒక్క పూటలో వచ్చి, ఒక కాలే వాచి ఉంటే, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందేమోనని సీటీ స్కాన్ తీయించి ఉండేవాళ్లం. ఎందుకంటే అప్పుడూ కుడి గదే సాగుతుంది, అంకె ఇలాగే పెరుగుతుంది. ఒంటికంతా పాకిన తీవ్ర ఇన్‌ఫెక్షన్‌లోనూ, బాగా రక్తహీనత ఉన్నప్పుడూ పెరగవచ్చు.

ఆయనకు పీల్చే మందులు, తగుమాత్రం ఆక్సిజన్ ఇచ్చాం, బీడీ మాన్పించాం. వాపు కోసం నీరు పోయే మాత్రలు తక్కువ మోతాదులో కొనసాగించాం. రెండు నెలల తరువాత అంకె 520కి దిగింది. పూర్తిగా ఎందుకు తగ్గలేదని కొడుకు అడిగాడు. పొగకు చెడిపోయిన ఊపిరితిత్తులు తిరిగి మొదటిలా కావు కాబట్టి, కుడి గది మీద కొంత భారం ఇంకా మిగిలే ఉందని, ఆ అంకె చూపుతున్నది దాన్నేనని అతనికి చెప్పాను.