స్కాన్ మెషిన్ అడుగుతున్నారా? ఆ లైన్‌ని చివరికి తోసేయండి!

"అన్నా, మాది ఇద్దరు నర్సులున్న చిన్న క్లినిక్. అల్ట్రాసౌండ్ మెషిన్ కోసం ఒక చారిటీకి ప్రపోజల్ పంపుతున్నాం. ఒక పేజీ సమ్మరీ రాశాం. రక్తం పారేది రంగుల్లో చూపించే కలర్ డాప్లర్, ఒంటికి ఆనించి చూసే ప్రోబ్‌లు మూడు, మూడు రోజుల ట్రైనింగ్ అడిగాం. ఇది చాలా?"

చాలదు. పైగా ఎక్కువైంది కూడా! మెషిన్ ఎక్కువైంది, మనిషి తక్కువయ్యాడు. ఆ సమ్మరీ మొత్తం చదివాను. మొదటి పేరా మెషిన్, రెండో పేరా మెషిన్, మూడో పేరాలో మళ్లీ మెషిన్ గొప్పతనం. ట్రైనింగ్ మాత్రం ఆఖర్లో అర లైను, అదీ కామా తర్వాత. నా మాట ఒక్కటే. ఆ కాగితంలో మెషిన్ పేరు అన్నిటికంటే చివర రావాలి.

ఎందుకంటారా? చిన్న ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు స్కాన్ చేస్తే మేలు జరుగుతుందా అని ఐదు దేశాల్లో ఒక ట్రయల్ చేశారు. కాంగో, గ్వాటెమాలా, కెన్యా, పాకిస్తాన్, జాంబియా. ఫలితాలు 2018లో వచ్చాయి. ఊళ్లల్లోని ఆరోగ్య కేంద్రాలకు మెషిన్లు ఇచ్చారు, సిబ్బందికి వారాల తరబడి పద్ధతిగా నేర్పించారు, గర్భిణులకు రెండుసార్లు స్కాన్ చేయించారు. తల్లీబిడ్డల మరణాలు తగ్గాయా? తగ్గలేదు. ఆస్పత్రిలో కాన్పులు పెరిగాయా? అవీ పెరగలేదు. దీన్ని పట్టుకుని కొందరు "చిన్న క్లినిక్‌లకి స్కాన్ దండగ" అని తీర్పు చెప్పేశారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే! స్కాన్ ప్రమాదాన్ని చూపించగలదు, అంతే. చూశాక తల్లిని బండెక్కించేది ఎవరు? అవతల ఆపరేషన్ చేసేది ఎవరు? దానికి దారి లేకపోతే స్కాన్ వల్ల ఆ తల్లికి దక్కేది ఒక ఫొటో.

కాబట్టి సమ్మరీని తిరగేసి రాయండి. ముందు ప్రశ్నలు రాయండి. జవాబు వస్తే మీ క్లినిక్ ఏదో ఒకటి చేయగలిగిన ప్రశ్నలే రాయండి. నన్నడిగితే ఐదు చాలు. గుండె కొట్టుకుంటోందా? ఒక్కరా, కవలలా? ఎన్నో వారం? మాయ గర్భాశయ ద్వారానికి అడ్డంగా ఉందా? నెలలు నిండేసరికి తల కిందకి ఉందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో 24 వారాల లోపు ఒక స్కాన్ చేయమని చెప్పింది. దానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఆ మూడో ప్రశ్నే. తొలి మూడు నెలల్లో బిడ్డ పొడవు కొలిస్తే వయసు వారం అటూ ఇటూగా తెలుస్తుంది. అదే ఎనిమిదో నెలలో కొలిస్తే రెండు మూడు వారాల తేడా రావచ్చు. "మా దగ్గరికి తల్లులు ఎన్నో నెలలో వస్తారు" అన్న లైను మీ సమ్మరీలో లేదు. చారిటీ మొదట అడగాల్సింది అదే. అందరూ ఏడో నెల దాటాక వస్తుంటే వయసు తేల్చుతామని మాటివ్వకండి.

ఇప్పుడు ఆ మూడు రోజుల సంగతి. లెక్క వేద్దాం. అమెరికాలో అత్యవసర వైద్యుల సంఘం ఒక్కో రకం స్కాన్‌కీ 25 నుంచి 50 దాకా పర్యవేక్షణలో చేయాలంటుంది. ఒక్కో నర్సుకి 50 అనుకుందాం, ఇద్దరికి 100. మీ క్లినిక్‌కి గర్భిణులు వచ్చేది వారానికి ఒక రోజు, సుమారు పది మంది. అంటే నేర్పేవాళ్లు పక్కన నిలబడి పది వారాలు రావాలి. మూడు రోజుల్లో మహా అయితే పిల్లకాయ చేతికి స్టీరింగ్ చూపించినట్టు!

"ఒకే తల్లికి ఇద్దరూ చేస్తే ఐదు వారాలే కదా" అంటారు. తెలివైన ప్రశ్నే. కానీ నెలలు నిండిన తల్లి వెల్లకిలా చాలాసేపు పడుకుంటే గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. పక్కకి తిప్పి, కాసేపు ఆగి చేయాలి. పైగా ఆ పది మందిలో తల కిందకి ఉందో లేదో చూడాల్సిన నెలలో ఉండేది ఇద్దరో ముగ్గురో. అందుకే పదో వారం దాకా డబ్బు అడగండి. ఆ తర్వాత కూడా దాచిన స్కాన్ బొమ్మల్లో పదింట ఒకటి దూరంగా ఉన్న రేడియాలజిస్ట్ చూసి, తప్పుంటే చెప్పే ఏర్పాటు ఉండాలి.

తప్పు ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చూడండి. ఐదో నెల తల్లి, మూత్రాశయం నిండుగా ఉంది. తెర మీద మాయ సరిగ్గా ద్వారం మీద ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్త నర్సు హడలిపోతుంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. అనుభవం ఉన్న మనిషైతే "ఒకసారి బాత్రూమ్‌కి వెళ్లి రామ్మా" అంటుంది. నిండిన మూత్రాశయం గర్భాశయం కింది భాగాన్ని నొక్కేసి అలా చూపిస్తుంది మరి. నిజంగా కిందకే ఉన్నా, ఐదో నెలలో అలా కనిపించిన మాయ చాలామందికి గర్భాశయం పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది. 32 వారాలకి మళ్లీ చూడాలి. ఇది మూడు రోజుల పాఠంలో వినొచ్చు, కానీ చేతికి అబ్బేది ట్రైనింగ్ పదో వారంలోనే.

ఇక మెషిన్. ఈ ఐదు ప్రశ్నలకి వంపు ముఖం ఉన్న ప్రోబ్ ఒక్కటి చాలు, 2 నుంచి 5 మెగాహెర్ట్జ్‌ది. మూడెందుకు? నా థియరీ చెప్తాను, కోపం తెచ్చుకోకండి. రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగడానికి మెషిన్ బాగుంటుంది. ట్రైనర్ బస్సు చార్జీకి రిబ్బన్ కట్టలేం కదా! అడిగేవాళ్లకీ ఇచ్చేవాళ్లకీ ఇద్దరికీ ఈ జబ్బు ఉంది. నేను ఒకచోట చూశాను, మంచి మెషిన్, మీద పూల గుడ్డ కప్పి ఉంది. ఏమైందని అడిగితే ప్రోబ్ కింద పడిందట, బొమ్మలో నల్ల చార వస్తోందట. దాన్ని నీడ అనుకుని ఎన్నాళ్లో వాడారు కూడా. జెల్ రాయకుండా, ప్రోబ్‌ని గాల్లో పట్టుకుని చూస్తే చాలు, తెర పైభాగంలో ఈ చివర నుంచి ఆ చివరకి సమానమైన పట్టీలు కనబడాలి. మధ్యలో నిలువుగా చీకటి ఉంటే ప్రోబ్ లోపల శబ్ద తరంగాలు పంపే చిన్న స్ఫటికాలు కొన్ని చచ్చిపోయినట్టు. అర నిమిషం పని. రెండో ప్రోబ్, మూడో ప్రోబ్ కొట్టేసి, ఆ డబ్బుతో అదే రకం ప్రోబ్ ఇంకొకటి అడగండి. దాంతోపాటు యూపీఎస్, ఏడాదికి సరిపడా జెల్, కంపెనీ ఒప్పుకున్న తుడిచే ద్రవం. స్పిరిట్‌తో తుడిస్తే కొన్ని ప్రోబ్‌ల ముఖం పాడవుతుంది.

మీ ఒక పేజీ ఇలా మొదలవ్వాలి, రాసుకోండి: "మా క్లినిక్‌కి వారానికి పది మంది గర్భిణులు వస్తారు. ఐదు ప్రశ్నలకి జవాబు చెప్పడం మాకు కావాలి. ఇద్దరు నర్సులు, పది వారాలు, ఒక్కొక్కరికి పర్యవేక్షణలో 50 స్కాన్లు. అవయవ లోపాలు ఈ స్కాన్‌లో తేలవు, ఆ మాట ప్రతి తల్లికీ చెప్తాం. మాయ అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా పంపాల్సిన ఆస్పత్రి ఇది, బండి ఇది, వాళ్లు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం జతచేశాం. ఇందుకు కావాల్సిన పరికరం: ఒక మెషిన్, ఒకే రకం ప్రోబ్‌లు రెండు."

ఆ ఉత్తరం లేదా? అయితే ప్రపోజల్ ఈ వారం పంపకండి. ముందు ఆ ఆస్పత్రికి వెళ్లి రండి.