ర్యాంకు ఎక్కడ తారుమారైంది? వెయిటేజీ పట్టికను సరిచూద్దాం

[స్క్రీన్: సిఫార్సు కాగితం. “ఎ 7.7, బి 7.3, సి 7.0. కాబట్టి ఎ కంపెనీకి ఇవ్వాలి.”]

నమస్తే. ఒక అపార్ట్‌మెంట్‌లో సోలార్ ప్యానెళ్లు పెట్టించాలని మూడు కొటేషన్లు తీసుకున్నారనుకుందాం. ధరకు 40, వారంటీకి 30, సర్వీసుకు 20, గడువుకు 10 శాతం వెయిటేజీ అని సిఫార్సులోనే రాశారు. ఒక్కో అంశానికి పదికి మార్కులు వేశారు. మొదటి ర్యాంకు ఎ కంపెనీది అంటున్నారు. సంతకం పెట్టేముందు ఆ మొత్తాలు మనమే ఒకసారి వేసి చూద్దాం.

[స్క్రీన్: మార్కులు]

| | ధర | వారంటీ | సర్వీసు | గడువు |
|---|---|---|---|---|
| ఎ | 6 | 9 | 8 | 7 |
| బి | 9 | 6 | 7 | 8 |
| సి | 7 | 7 | 6 | 9 |

ముందుగా కొటేషన్లు చూడండి. అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్లకే ధరలో ఎక్కువ మార్కులు పడాలి. కొందరు తెలియక ఎక్కువ ధరకు ఎక్కువ మార్కులు వేసేస్తారు. ఇక్కడ తక్కువ ధర బి కంపెనీదే, 9 వచ్చింది. సరిగ్గానే ఉంది.

ఇప్పుడు ఎ లెక్క. 6ను 0.40తో గుణిస్తే 2.4. వారంటీకి 2.7, సర్వీసుకు 1.6, గడువుకు 0.7. కలిపితే 7.4. కాగితంలో 7.7 ఉంది! బి కంపెనీకి 7.6 వస్తోంది, కాగితంలో 7.3. సి మాత్రం రెండు చోట్లా 7.0.

[స్క్రీన్: ఎ +0.3, బి −0.3, సి 0]

ఇక్కడ కాస్త ఆగుదాం, తప్పు ఎక్కడుందో ఈ తేడాలే చెబుతాయి. సి మొత్తం కదల్లేదు. దానికి ఏ రెండు అంశాల్లో సమానంగా మార్కులున్నాయి? ధర, వారంటీ, రెండింట్లోనూ 7. ఆ రెండు వెయిటేజీలు అటూ ఇటూ అయితే సి మొత్తం మారదు. ఎ కంపెనీకి వారంటీలో ధర కంటే 3 మార్కులు ఎక్కువ, 0.10తో గుణిస్తే సరిగ్గా 0.3. అంటే ఎక్సెల్ షీట్‌లో ధరకు 30, వారంటీకి 40 పడ్డాయన్నమాట. రెండు రకాలుగానూ మొత్తం 100 శాతమే వస్తుంది కాబట్టి, కూడిక ఒక్కటే చూస్తే ఈ తప్పు దొరకదు.

షీట్‌లో వెయిటేజీలు రెండో వరుసలో, మార్కులు మూడో వరుస నుంచి ఉంటే ఫార్ములా ఇలా ఉండాలి:

```
=SUMPRODUCT($B$2:$E$2,B3:E3)
```

డాలర్ గుర్తులు మర్చిపోతే, కిందికి లాగినప్పుడు వెయిటేజీల వరుస కూడా జారిపోతుంది. అప్పుడు బి మార్కులు ఎ మార్కులతో గుణించబడి వందల్లో అంకె వస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలికే, మార్కులు పదికే కదా, మొత్తం పది దాటకూడదు.

ఇక మిగిలింది కమిటీని అడగడమే: మీరు తీర్మానించింది 40, 30 అనా లేక 30, 40 అనా? మొదటిదైతే సిఫార్సు బి కంపెనీకి మారాలి. రెండోదైతే కాగితంలో రాసిన వెయిటేజీలు దిద్దాలి. కొటేషన్లు తెరవక ముందు రాసుకున్న మినిట్స్‌లో ఏముందో అదే లెక్క.

[స్క్రీన్: ధర 37, వారంటీ 33: బి 7.51, ఎ 7.49. ధర 36, వారంటీ 34: ఎ 7.52, బి 7.48]

ఒకవేళ బి అనే తేలినా, ఆ ఆధిక్యం చాలా పలచన. ధర నుంచి నాలుగు శాతం తీసి వారంటీకి ఇస్తే చాలు, ఎ ముందుకొచ్చేస్తుంది. ఈ సంగతి సిఫార్సులో ఒక వాక్యంగా రాయమని అడగండి.