సేల్స్‌మన్ ఇచ్చిన మాట అగ్రిమెంటులో లేకపోతే?

"సాక్షులున్నారండీ, నలుగురి ముందే చెప్పాడు!" పలాస, కాశీబుగ్గ వైపు మిషన్లు కొన్నవాళ్ళ దగ్గర ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. వాళ్ళ మీద కాదు, సాక్షి ఉంటే చాలన్న ఆ నమ్మకం మీద. అగ్రిమెంటు ఆఖరి పేజీలో రెండు మూడు వాక్యాలుంటే చాలు, ఆ సాక్షుల మాట వినే అవసరమే కోర్టుకు లేకుండా పోవచ్చు.

ఒక కేసు ఊహించుకుందాం. జీడి యూనిట్ ఉన్న ఒకాయన 18 లక్షలకు కటింగ్ మిషన్లు కొన్నాడు. సంతకానికి ముందు సేల్స్‌మన్ రెండు మాటలు చెప్పాడు. ఒకటి, రెండేళ్ళు సర్వీసు ఫ్రీ. రెండు, ఈ మోడల్ గంటకు 100 కిలోల పిక్కలు కోస్తుంది. ఈ రెండూ కాగితం మీద లేవు. కాగితం మీద ఉన్నది ఇదీ.

[స్క్రీన్ మీద: "ఈ పత్రమే ఇరువర్గాల మధ్య పూర్తి ఒప్పందం. ఇంతకు ముందు జరిగిన మాటలు, హామీలు ఏవీ చెల్లవు. ఇద్దరూ సంతకం చేసిన కాగితం లేకుండా ఇందులో మార్పులు కుదరవు."]

ఇందులో మొదటి రెండు వాక్యాలు ఎంటైర్ అగ్రిమెంట్ క్లాజు. పప్పు డబ్బాకు సీలు వేయడం లాంటిది. సీలు వేసేటప్పుడు లోపల ఏముందో అదే సరుకు. బల్ల మీద మిగిలిపోయిన పప్పు ఎంత మంచిదైనా ఆ డబ్బాలోది కాదు.

ఈ క్లాజు లేకపోయినా రాతకు ఎదురుగా నోటిమాట నిలబడదు. పాత సాక్ష్య చట్టంలో 92వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 95వ సెక్షన్ చెప్పేది అదే. కాగితంలో వారంటీ ఏడాది అని రాసి ఉంటే, "రెండేళ్ళన్నాడు" అంటే కుదరదు. కానీ అదే సెక్షన్ ఒక సందు వదిలింది. కాగితం అసలు మాట్లాడని విషయం మీద, దానికి విరుద్ధం కాని విడి నోటి ఒప్పందం ఉంటే రుజువు చేసుకోవచ్చు. మన ఫ్రీ సర్వీసు సరిగ్గా ఆ సందులో దూరేది. ఎంటైర్ అగ్రిమెంట్ క్లాజు మూసేది దాన్నే. "కాగితం మౌనంగా ఉంది" అని మనం అనేలోపే, "ఇందులో లేనిది లేదు" అని కాగితమే చెప్పేస్తోంది కదా! లాయర్లు ఊరికే రాయరండీ ఆ వాక్యం.

మరి గంటకు 100 కిలోల సంగతి? అది ఇస్తానన్న హామీ కాదు, మిషన్ గురించి చెప్పిన వాస్తవం. డబ్బా మీద సీలుంది కదా అని లోపల రాళ్ళు పోసి అమ్మితే ఒప్పుకుంటామా? ఆ మోడల్ 60 కిలోలు దాటదని తెలిసీ 100 అని చెప్పి సంతకం పెట్టిస్తే, అది కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ కింద మోసం. సాక్ష్య చట్టం కూడా మోసాన్ని నోటిసాక్ష్యంతో రుజువు చేసుకోనిస్తుంది. తెలియక తప్పు చెప్పి ఉంటే 18వ సెక్షన్. రెండింటిలోనూ 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందం రద్దు కోరవచ్చు. కాకపోతే తెలియక చెప్పిన తప్పైతే, "మామూలు జాగ్రత్తతో నువ్వే కనుక్కోగలిగేవాడివి కదా" అని కోర్టు అడుగుతుంది. ట్రయల్ రన్‌కు పిలిచినా వెళ్ళకపోతే అక్కడ దొరికిపోతాం.

ఇంకో తెలివైన వాక్యం కూడా వస్తుంది చూడండి: "అమ్మకందారు చెప్పిన ఏ వివరాన్నీ నమ్మి ఈ కొనుగోలు చేయలేదు." ఇది నాకు అస్సలు నచ్చదు. పూర్తి ఒప్పందం అన్న మాట హామీలనే ఆపుతుంది, ఇది ఆ వాస్తవాల మీదకు కూడా వస్తుంది. తెలిసి చేసిన మోసానికి దీన్ని అడ్డం పెట్టుకోవడం కష్టమే గానీ, మన కేసు మాత్రం బలహీనపడుతుంది.

టైమ్ అయిపోతోంది, స్క్రీన్ మీది మూడో వాక్యం, అదే రెండో క్లాజు, త్వరగా చెప్పేస్తాను. ఆరు నెలల తర్వాత కిస్తీ కట్టలేక ఫోన్ చేస్తే, "సంక్రాంతి దాటాక ఇవ్వండి" అన్నాడు మిషన్లు అమ్మిన కంపెనీ మేనేజరు. సీలు వేసిన డబ్బా తెరవాలంటే ఇద్దరి సంతకం కావాలని ముందే రాసుకున్నాం మరి. ఇంగ్లండ్‌లో రాక్ అడ్వర్టైజింగ్ కేసులో, ఆఫీసు అద్దె బకాయిల మీద ఇలాంటి ఫోన్ మాటే చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు. రిజిస్టర్ కాని, రాతలోనే ఉండాలని చట్టం అడగని ఒప్పందాన్ని తర్వాత నోటితో మార్చుకున్నామని మన చట్టం రుజువు చేసుకోనిస్తుంది. రిజిస్టరైన పత్రానికైతే అదీ లేదు. క్లాజు ఉన్నప్పుడు అవతలి లాయరు పట్టుకునేది ఆ క్లాజునే.

అందుకని ఫోన్ పెట్టేసిన వెంటనే, "సంక్రాంతి తర్వాత కడతాను, ఒప్పుకున్నారు కదా" అని మెయిల్ పెట్టి జవాబు తీసుకోండి. క్లాజు సంతకం అడుగుతుంటే ఒక్క పేజీ రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఫ్రీ సర్వీసు, గంటకు 100 కిలోలు లాంటివైతే సంతకానికి ముందే అనుబంధంగా ఒక కాగితం జతచేసి, "ఈ అనుబంధం ఒప్పందంలో భాగం" అని అసలు పత్రంలో రాయించండి.